వెయ్యి కట్టించుకునే ముందు ఆ రెండు తేదీలూ చూడండి

పాన్, ఆధార్ అనుసంధానం నిబంధనలు రాసే పెద్దలకు,

నరసరావుపేటలో ఒక సందులో నా గది ఉంది. చిన్న వ్యాపారుల లెక్కలు రాసి, రిటర్నులు వేసి బతికేవాణ్ణి. నా గదికి పక్కనే ఒక దర్జీ కొట్టు. మధ్యలో గోడ ఒక్కటే కాబట్టి అటు మిషను ఆగితే ఇటు నాకు తెలుస్తుంది. 2023 ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం మిషను ఆగింది. మళ్ళీ మొదలవలేదు. కాసేపటికి దర్జీ బాబాయ్ చేతిలో ఒక కాగితం పట్టుకుని నా గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన అసలు పేరు ఇక్కడ రాయను. మా పల్నాడులో వీధికొకరు ఉండే పేరు కాబట్టి షేక్ మస్తాన్ వలి అనుకుందాం. ఈ కథలో ఆ పేరుకు పని ఉంది, అందుకే ఏదో ఒకటి పెట్టక తప్పదు.

"అబ్బాయ్, ఇదేదో నోటీసంట. నేనేం తప్పు చేశాను?" అన్నాడు.

కాగితం ఆయన యూనిఫారాలు కుట్టి ఇచ్చిన స్కూలు నుంచి వచ్చింది. ఇంగ్లీషులో రెండు పేరాలు. మీ పాన్ పనిచేయడం లేదు, ఆధార్‌తో జోడించుకోండి, అప్పటిదాకా మీ బిల్లుల్లో 20 శాతం పన్ను కోస్తాం అని దాని సారాంశం. "కోస్తాం" అనేది మాటవరసకే. అప్పటికే కోసేశారు.

ఆ బిల్లు సంగతి చెబుతాను. గుడ్డ స్కూలువాళ్ళదే, కుట్టుకూలి మాత్రం బాబాయ్‌ది. 400 జతలు, జతకు 350 రూపాయలు, మొత్తం 1,40,000. మే నెల నుంచి జులై మొదటి వారం దాకా ఆయన, ఇద్దరు మిషనువాళ్ళు, కాజాలు తీసి గుండీలు కుట్టే ఒకామె కూర్చుని పూర్తి చేశారు. మిషనువాళ్ళ కూలి, కాజాల కూలి, దారం, గుండీలు, కాలర్‌లోకి క్యాన్వాసు, కరెంటు అన్నీ పోను జతకు వంద మిగిలితే గొప్ప. అంటే మొత్తం మీద 40,000. ఇలాంటి కుట్టుకూలి కాంట్రాక్టు మీద డబ్బు ఇచ్చేవాళ్ళు ముందుగానే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, అంటే టీడీఎస్, మామూలుగా ఒక శాతం, 1,400 రూపాయలు. పాన్ పనిచేయకపోతే పాన్ ఇవ్వనట్టే లెక్క, అప్పుడది 20 శాతం. 28,000 పోయి ఆయన చేతికి 1,12,000 వచ్చింది. కూలివాళ్ళకు పంచాక బాబాయ్‌కి మిగిలింది 12,000. రెండు నెలల పనికి.

స్కూలు అకౌంటెంటును తప్పు పట్టలేను. వెళ్ళి మాట్లాడాను కూడా. "తక్కువ కోస్తే ఆ తేడా మా దగ్గర వసూలు చేస్తారండీ, పైన వడ్డీ" అన్నాడు. ఆ రోజుకు ఆయన చెప్పింది నిజమే.

మీ వైపు వాదన నాకు తెలియనిది కాదు. ఒకే మనిషి రెండు మూడు పాన్ కార్డులు పెట్టుకుని ఒకదాంట్లో ఆదాయం, ఇంకోదాంట్లో ఆస్తి చూపించడం నా కళ్ళతో చూశాను. వేలిముద్రలున్న ఆధార్‌తో జోడిస్తే అది కుదరదు. పాన్‌ను ఆధార్‌తో జోడించాలనే ఆదాయపు పన్ను చట్టంలోని 139ఏఏ సెక్షన్ 2017 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. సుప్రీంకోర్టు 2017లోనూ, మళ్ళీ 2018 సెప్టెంబరులో ఆధార్ తీర్పులోనూ దాన్ని నిలబెట్టింది. జోడించడం వద్దని నేను అనడం లేదు. జోడించే తోవలో మీరు పెట్టిన వరస గురించే ఈ ఉత్తరం.

ముందుగా, ఇన్నేళ్ళూ బాబాయ్‌కి ఈ సంగతి ఎందుకు తెలియలేదో చెప్పాలి. 2022 మార్చి 31 దాకా ఇది ఉచితం. ఆ తర్వాత మూడు నెలలు 500. 2022 జులై నుంచి వెయ్యి. చట్టంలోని 234హెచ్ సెక్షన్ "వెయ్యికి మించకుండా" అంది, మీరు సరిగ్గా వెయ్యి దగ్గర ఆపారు. ఆఖరి గడువు 2023 మార్చి 31 అన్నారు, నెలాఖరుకు మూడు రోజుల ముందు దాన్ని జూన్ 30కి జరిపారు. అన్నిసార్లు జరిగిన గడువు కాబట్టి ఇంకోసారి జరుగుతుందిలే అని నాలాంటి వాళ్ళమే బద్ధకించాం. బాబాయ్‌కి ఆ బద్ధకం కూడా లేదు, ఎందుకంటే ఆయనకు ఒక్క సందేశమూ రాలేదు. మీరు పంపలేదని అనను. పంపే ఉంటారు. కానీ ఆయన పాన్ దరఖాస్తులో ఉన్న ఫోన్ నంబరు ఆయనది కాదు, దరఖాస్తు నింపిన ఏజెంటుది. 2010లో బ్యాంకు లోను మీద ఓవర్‌లాక్ మిషను కొనేటప్పుడు పాన్ కావాలంటే, బ్యాంకు ఎదురుగా బల్ల వేసుక్కూర్చున్న ఒకాయన నింపిచ్చాడు. పోస్టు రావడానికి బాబాయ్ చిరునామా రాసి, ఫోను తనది రాసుకున్నాడు. అప్పట్లో ఏజెంట్లందరూ చేసిన పనే అది. ఆయన పోయి ఆరేళ్ళయింది. మీ హెచ్చరికలు ఎవరి ఫోనులో మోగాయో దేవుడికెరుక.

ఇక మా తంటా. బాబాయ్ దగ్గర పాన్ కార్డు లేదు. ఇల్లు మారినప్పుడెప్పుడో పోయింది. నంబరు మాత్రం కొలతల పుస్తకం అట్ట వెనకాల రాసుకున్నాడు. జోడించడానికి కార్డు అక్కర్లేదు, పాన్ నంబరు, ఆధార్ నంబరు ఉంటే చాలు కదా అని నేను మీ ఆదాయపు పన్ను సైటు తెరిచాను. "Link Aadhaar Status" అని ఒక మీట ఉంటుంది, అక్కడ రెండు నంబర్లూ కొడితే జోడించలేదని చెప్పింది. తర్వాత "Link Aadhaar" నొక్కితే, ఫీజు కట్టిన దాఖలా లేదు, ముందు కట్టి రండి అంది. కట్టే చోట కూడా జాగ్రత్త కావాలి. "e-Pay Tax"లో "Income Tax" ఎంచుకుని, చెల్లింపు రకం దగ్గర "Other Receipts (500)", దాని కింద "Fee for delay in linking PAN with Aadhaar" అనేది ఎంచుకోవాలి. ఇంకో పద్దు కింద కడితే డబ్బు మీ ఖజానాకే చేరుతుంది కానీ జోడింపు పేజీకి అది కనబడదు. మా ఊళ్ళో ఒక కిరాణా వ్యాపారి అలా రెండుసార్లు కట్టాడు. నేను సరిగ్గానే కట్టాను, నా కార్డుతోనే. బాబాయ్ ఆ సాయంత్రమే వెయ్యి తెచ్చిచ్చాడు. మూడు చొక్కాల కుట్టుకూలి అది.

డబ్బు కట్టాక పేజీ తలుపు తీసింది. ఆధార్‌లో ఉన్నట్టు పేరు, ఫోన్ నంబరు అడిగింది, ఇచ్చిన నంబరుకే ఓటీపీ పంపింది, కొట్టాను. వివరాలు సరిచూసి చెబుతామంది. తర్వాత చూస్తే వివరాలు కలవలేదు, జోడించడం కుదరలేదు అని ఉంది.

వివరాలు కలవలేదని చెప్పడానికి మీకు వెయ్యి రూపాయలు ముందే ఎందుకు కావాల్సి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పాన్ నంబరూ ఆధార్ నంబరూ మొదటి పేజీలోనే ఇచ్చాం. కలుస్తాయో లేదో అప్పుడే చూసి, "కలవడం లేదు, ముందు దిద్దుకుని రండి" అంటే సరిపోయేది. కొలతలు తీసుకోకుండా గుడ్డ కత్తిరించే దర్జీ ఉండడు.

ఎక్కడ కలవలేదో తెలియాలంటే పాన్ మీద ఏముందో చూడాలి. బాబాయ్ ఇంట్లో రెండు రోజులు వెతికితే పాత లోను కాగితాల మధ్య పాన్ కార్డు జెరాక్సు, దరఖాస్తు జెరాక్సు దొరికాయి. ఏజెంటు ఫోన్ నంబరు సంగతి తెలిసింది అందులోనే. రెండు తేడాలు కనిపించాయి.

మొదటిది పేరు. ఆధార్‌లో పేరుకు ఒకే ఒక గడి. ఎలా చెబితే అలా ఎక్కుతుంది. బాబాయ్ ఆధార్‌లో "Shaik Mastan Vali" అని ఉంది. పాన్ దరఖాస్తులో పేరుకు మూడు గడులుంటాయి. చివరి పేరు, మొదటి పేరు, మధ్య పేరు. ఈ ముగ్గురూ ఎవరో మన తెలుగువాళ్ళకు తెలియదు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, దాన్ని చివరి పేరని ఎవరూ పిలవరు. ఆ ఏజెంటు పేరులో చివర ఏముందో అదే చివరి పేరనుకుని "Vali" అని రాశాడు, మొదటి పేరు "Shaik", మధ్యలో "Masthan", అందులో ఒక హెచ్ అదనం. పాన్ నంబరులో నాలుగో అక్షరం P ఉంటే అది మనిషి పాన్ అని గుర్తు, ఐదో అక్షరం ఆ మనిషి చివరి పేరులోని మొదటి అక్షరం. బాబాయ్ పాన్‌లో ఐదో అక్షరం V. షేక్ అయితే S ఉండాలి. పేరు తర్వాత దిద్దుకున్నా నంబరు మారదు కాబట్టి, ఆ రోజు ఏజెంటు పొరపడ్డాడనడానికి ఆ V జీవితాంతం సాక్ష్యం. నా దగ్గరికి వచ్చే పాన్ కార్డుల్లో ఐదో అక్షరం చూస్తే ఫారం నింపినవాడికి ఇంటిపేరు ఏదో తెలిసి నింపాడా లేదా అని ఇట్టే చెప్పేస్తాను.

అయితే పేరులో చిన్న తేడా పెద్ద అడ్డు కాదు. ఆధార్‌కు జోడించిన ఫోనుకు వచ్చే ఓటీపీతో దాన్ని దాటొచ్చు. పుట్టినతేదీ, ఆడా మగా అన్న వివరం మాత్రం అచ్చంగా కలవాలి. అసలు అడ్డు అక్కడుంది. ఆధార్‌లో బాబాయ్ పుట్టింది 01-01-1966. పాన్‌లో 15-08-1964.

"ఏది నిజం బాబాయ్?" అన్నాను.

"నాకేం తెలుసబ్బాయ్. మా అమ్మ చెప్పేది, శాస్త్రిగారు పోయిన రంజాన్‌లో పుట్టావురా అని."

లాల్ బహదూర్ శాస్త్రి తాష్కెంటులో చనిపోయింది 1966 జనవరి 11న. క్యాలెండరు వెనక్కి తిప్పి చూస్తే ఆ ఏడు రంజాన్ నెల డిసెంబరు చివర్లో మొదలై జనవరి మూడో వారం దాటాక ముగిసింది. అంటే ఆధార్ తీసినప్పుడు తేదీ తెలియక కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు పడేసిన జనవరి ఒకటి, అమ్మ మాటకు పట్టుమని కొన్ని రోజుల దూరంలో ఉంది. పంద్రాగస్టు మాత్రం ఏజెంటు సొంత కల్పన. తేదీ తెలియదన్న ప్రతివాడికీ ఆయన పంద్రాగస్టే రాసేవాడట. గుర్తుపెట్టుకోవడం తేలికని. దేశభక్తి అనుకోవాలో ఏమో.

ఇంకొక చమత్కారం. 80 ఏళ్ళు నిండినవాళ్ళు జోడించనక్కర్లేదని 2017 మేలోనే మినహాయింపు ఇచ్చారు. ఎవరికి 80 నిండాయో మాత్రం ఇలాంటి తేదీలు చూసే తేల్చాలి.

ఏ కార్డును దిద్దాలి అన్నది తర్వాతి ప్రశ్న. ఆధార్‌లో పుట్టినతేదీ మార్చాలంటే రుజువు కావాలి, పైగా ఒక్కసారే మార్చనిస్తారు. బాబాయ్ బడికి వెళ్ళలేదు, జనన ధ్రువీకరణ లేదు. పాన్‌ను ఆధార్‌కు తగ్గట్టు దిద్దడం సులువు, అక్కడ ఆధారే రుజువు. అందులోనూ ఆయన విషయంలో ఆధార్ తేదీయే నిజానికి దగ్గర. కాబట్టి పాన్ దిద్దుబాటు ఫారం నింపి 107 రూపాయలు కట్టాం. ఈసారి చివరి పేరు గడిలో షేక్ అని నేనే రాశాను, ఫోను నంబరు బాబాయ్‌ది రాశాను.

ఆ ఫోను సంగతి మళ్ళీ వేరే. ఆధార్‌కు జోడించిన నంబరు ఎప్పుడో పోయిన సిమ్‌ది. మార్చడానికి అప్పట్లో 50 రూపాయలు, కాగితాలేవీ అక్కర్లేదు, వేలిముద్ర పడితే చాలు. ఆ "పడితే" దగ్గరే ఆగిపోయింది. నలభై ఏళ్ళుగా గుడ్డను వేళ్ళతో మిషను కిందికి తోస్తున్న చేతులవి. ఎడమ చూపుడువేలి కొనకు సూదిపోట్లు, కుడిచేతి వేళ్ళకు ఇస్త్రీపెట్టె మచ్చలు. మొదటి రోజు పది వేళ్ళూ పెట్టి చూసి రేపు రమ్మన్నారు. రెండో రోజు చేతులు కొబ్బరినూనె రాసి తుడుచుకుని వెళ్ళాడు, పడలేదు. మూడోసారి ఇంకో కేంద్రానికి వెళ్తే అక్కడున్న అమ్మాయి కంటిపాప తీసే పరికరం పెట్టి రెండు నిమిషాల్లో పంపేసింది. మొదటి కేంద్రంలోనూ ఆ పరికరం బల్ల మీదే ఉందట, ఎవరూ తీయలేదు. మూడు పూటలు మిషను ఆగింది. దసరా కుట్లు వచ్చే రోజులవి.

అక్టోబరులో దిద్దిన పాన్ కార్డు వచ్చింది. మళ్ళీ జోడింపు పేజీకి వెళ్ళాను. కట్టిన వెయ్యి అలాగే ఉంది, మళ్ళీ కట్టమనలేదు. ఈ ఒక్కటి మాత్రం బాగా చేశారు, ఒకసారి విఫలమైతే ఫీజు పోయిందని హడలిపోయే వాళ్ళు ఇది తెలుసుకోవాలి. ఈసారి కలిసింది. అలా తెలియజేసిన నాటి నుంచి 30 రోజుల్లో పాన్ మళ్ళీ పనిచేస్తుందని మీ నిబంధన, నవంబరులో పనిచేసింది.

కథ అయిపోయిందనుకున్నాం. 28,000 మిగిలి ఉంది.

పాన్ బతికినంత మాత్రాన కోసిన పన్ను వెనక్కి రాదు. ఏడాది పూర్తయ్యాక రిటర్ను వేసి అడగాలి. బాబాయ్ ఆదాయం ఆ ఏడాది మూడు లక్షల లోపే, కట్టాల్సిన పన్ను సున్నా. 2024 జులైలో ఆయన జీవితంలో మొదటి రిటర్ను వేశాను. రిఫండు పడాల్సిన బ్యాంకు ఖాతాను ముందుగా ధ్రువపరచాలి కదా, అక్కడ ఖాతా పేరు "Sk Mastan Vali" అని ఉంది, షేక్ కాస్తా ఎస్‌కే అయింది. బ్యాంకుకు మరో రెండు పూటలు. చివరికి ఆగస్టు నెలాఖరులో 28,000, దాని మీద వడ్డీ 700 పడ్డాయి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఐదు నెలలు, నెలకు అర శాతం. లెక్క తప్పు లేదు, సరిచూశాను.

ఆ ఏడాది బాబాయ్ ఏం చేశాడో కూడా లెక్కగానే చెబుతాను. తర్వాతి పనులకు కావలసిన సరుకుకీ, కూలికీ ఆ 28,000 వడ్డీకి తెచ్చాడు. మా దగ్గర చేబదులు వడ్డీ నూటికి మూడు, నెలకు. అంటే నెలకు 840. పన్నెండు నెలలకు 10,080. మీరిచ్చిన 700 పోను 9,380 ఆయన జేబులోంచి పోయింది. వెయ్యి ఫీజు, 107, 50, ఆగిన పూటల కూలి ఇందులో కలపలేదు. పన్ను కట్టాల్సిన అవసరమే లేని మనిషి సంగతి ఇది.

ఇంకొక సంగతి ఆయనకు నేను చెప్పడానికి మనసొప్పలేదు, చాలా రోజులు దాచాను. 2024 ఏప్రిల్ 23న మీరు 6వ నంబరు సర్క్యులర్ ఇచ్చారు. 2024 మార్చి 31 దాకా జరిగిన చెల్లింపుల విషయంలో, 2024 మే 31 లోపు పాన్ మళ్ళీ పనిచేస్తే, 20 శాతం కోయనందుకు కోసేవారిని బాధ్యుల్ని చేయబోమన్నారు. బాబాయ్ పాన్ నవంబరులోనే పనిచేసింది. అంటే స్కూలువాళ్ళు ధైర్యం చేసి ఒక శాతమే కోసి ఉంటే, తక్కువ కోశారని వచ్చే నోటీసు ఆ సర్క్యులర్‌తో రద్దయ్యేది, బాబాయ్ డబ్బు బాబాయ్ దగ్గరే ఉండేది. నిబంధన పాటించిన అకౌంటెంటు వల్ల దర్జీకి నష్టం, పాటించని చోట ఎవరికీ నష్టం లేదు. సర్క్యులర్ పట్టుకుని స్కూలుకు వెళ్తే, "ఆ డబ్బు ఎప్పుడో కట్టేశాం, త్రైమాసిక రిటర్నులోనూ చూపించేశాం, ఇక మీరు రిఫండు అడుక్కోవాల్సిందే" అన్నారు. అదీ నిజమే. ఊరట కోసేవాళ్ళకు దొరికింది, కోతపడినవాళ్ళకు ఏమీ లేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మీ సైటులోనే "Verify PAN Status" అని ఇంకో మీట ఉంది. అక్కడ పాన్ నంబరు, పేరు, పుట్టినతేదీ, ఏదో ఒక ఫోన్ నంబరు ఇస్తే, ఆ వివరాలు పాన్‌లో ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో చెబుతుంది. రూపాయి కట్టనక్కర్లేదు. అక్కడ ఆధార్‌లో ఉన్న పేరూ తేదీ కొట్టి చూసి ఉంటే, ఆగస్టులో ఆయన వచ్చిన రోజే తేడా తెలిసేది, దిద్దుబాటు ఫారం ఆ వారమే పంపేవాళ్ళం. రెండు నెలల ఆలస్యంలో కొంత నాది. ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడిని, నాకే డబ్బు కట్టిన వారానికి గానీ అది తట్టలేదు. అద్దెకు కంప్యూటరు పెట్టుకున్న కుర్రాళ్ళకు ఎలా తడుతుంది? వాళ్ళు ముందు వెయ్యి కట్టేస్తారు, ఎందుకంటే మీ పేజీ ముందు అదే అడుగుతుంది.

కాబట్టి నేనడిగేది పెద్దదేం కాదు. ఆ సరిచూసే పనిని ఫీజు పేజీకి ముందుకు జరపండి. రెండు చోట్లా ఉన్న తేదీ కలవడం లేదంటే తేదీ కలవడం లేదని, పేరు కలవడం లేదంటే పేరని చెప్పండి, ఆ తర్వాత వెయ్యి అడగండి. దిద్దుబాటు దరఖాస్తు పెట్టిన రోజును జోడించిన రోజుగా లెక్కవేయండి, కార్డు రావడానికి పట్టే వారాలు మా చేతిలో ఉండవు. ఇక ఒక శాతం కోయాల్సిన చిన్న కూలి బిల్లుల్లో 20 కోయమని చెప్పేముందు, ఆ మనిషికి ఆయన భాషలో, ఆయన ఇంటి చిరునామాకు ఒక కార్డు ముక్క పంపండి. చిరునామా మీ దగ్గర ఉంది. ఏజెంటు అదొక్కటి సరిగ్గా రాశాడు.

బాబాయ్ మిషను ఇప్పుడు నడుస్తోంది, గోడకు ఇవతల వినబడుతోంది. ఈ ఏడాది స్కూలువాళ్ళు ఒక శాతమే కోశారు.

నిన్న సాయంత్రం కాజాలు తీసే ఆమె నా దగ్గరికి వచ్చింది. డ్వాక్రా లోను కోసం అప్పట్లో ఆమె కూడా పాన్ తీయించుకుందట, దాన్ని జోడించమని బ్యాంకువాళ్ళు కాగితం ఇచ్చారట. ఆధార్ ఇంట్లో ఉంది, రేపు తెస్తానంది. పాన్ కార్డు మాత్రం చీర కొంగున కట్టి తెచ్చింది. అందులో పుట్టినతేదీ 15-08-1971.

ఇట్లు,
దర్జీ కొట్టు పక్క గదిలో లెక్కలు రాసుకునేవాడు,
నరసరావుపేట, నవంబరు 2024